జిరాక్స్ మెషిన్ మార్చడానికి సింకింగ్ ఫండ్: ఏటా ఎంత వెయ్యాలి, వడ్డీ ఎటు పోవాలి

ప్రశ్న: నమస్తే అండి. కోఠిలో మా బాబాయికి జిరాక్స్, స్పైరల్ బైండింగ్ షాపు ఉంది. నేను బీకాం ఫైనల్ ఇయర్ చదువుతూ ఆయన లెక్కలు కూడా చూస్తున్నా. 2025 ఏప్రిల్ 1న నాలుగున్నర లక్షలు పెట్టి పెద్ద మెషిన్ కొన్నాం, నాలుగేళ్లకి మార్చాలి, అప్పటికి పాతదానికి యాభై వేలు రావచ్చు అంటున్నారు. ఈసారి అప్పు చేయకుండా ఏటా కొంత డబ్బు పక్కన పెడదాం అని బాబాయి ఐడియా. క్లాసులో సింకింగ్ ఫండ్ మెథడ్ చెప్పారు కానీ వడ్డీ ఎక్కడికి పోతుందో, ఆఖరి సంవత్సరం ఎందుకు ఇన్వెస్ట్ చెయ్యరో, చివర్లో ఆ ఫండ్‌ని ఏం చెయ్యాలో నాకు ఎక్కలేదు. ఎంట్రీలతో సహా చెప్తారా?

సమాధానం:

నమస్తే. ముందు ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి, ఇది పట్టుకుంటే మీరు అడిగిన మూడింటికీ దారి దొరుకుతుంది. ఈ మెథడ్‌లో ప్రతి మార్చి 31న రెండు వేరువేరు పనులు జరుగుతాయి. ఒకటి పుస్తకాల్లో జరిగేది: లాభంలోంచి తరుగుదల కింద కొంత తీసి డిప్రిసియేషన్ ఫండ్ అనే అకౌంట్‌కి క్రెడిట్ చేస్తాం. ఇందులో ఒక్క రూపాయి కూడా కదలదు. రెండోది నిజంగా డబ్బు కదిలేది: అంతే మొత్తం బ్యాంకులోంచి తీసి డిపాజిట్ వేస్తాం, అది డిప్రిసియేషన్ ఫండ్ ఇన్వెస్ట్‌మెంట్ అనే అకౌంట్‌కి డెబిట్ అవుతుంది. పేర్లు రెండూ దాదాపు ఒకేలా ఉండడం వల్ల చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు, అక్కడే మొత్తం గజిబిజి మొదలవుతుంది. ఫండ్ అనేది బ్యాలెన్స్ షీట్‌లో లయబిలిటీస్ వైపు ఉంటుంది, ఇన్వెస్ట్‌మెంట్ అసెట్స్ వైపు ఉంటుంది. ఫండ్ అకౌంట్‌లో నాలుగు లక్షలు ఉన్నాయంటే చేతిలో నాలుగు లక్షలు ఉన్నట్టు కాదు, డబ్బు ఉందో లేదో చెప్పేది ఇన్వెస్ట్‌మెంట్ అకౌంట్, ఇంకా బ్యాంకు అకౌంట్.

మామూలు స్ట్రెయిట్ లైన్ పద్ధతిలో అయితే నాలుగున్నర లక్షల్లోంచి స్క్రాప్ యాభై వేలు తీసేసి, మిగిలిన నాలుగు లక్షల్ని నాలుగేళ్లకి పంచి ఏటా లక్ష తరుగుదల రాస్తాం, అంతే. లాభం లక్ష తక్కువ కనబడుతుంది కాబట్టి ఆ లక్ష బాబాయి ఇంటి ఖర్చుకి పోకుండా షాపులో ఆగుతుంది. కానీ ఏ రూపంలో ఆగుతుంది? పేపర్ రీములు కావచ్చు, టోనర్ కావచ్చు, కాలేజీల నుంచి రావాల్సిన బాకీలు కావచ్చు. నాలుగేళ్ల తర్వాత మెషిన్ మార్చే రోజు వచ్చేసరికి తరుగుదల పూర్తిగా రాసేసి ఉంటుంది, కానీ చేతిలో క్యాష్ ఉండదు. మీ బాబాయి గారు అప్పు వద్దు అంటున్నది ఈ అనుభవంతోనే అయి ఉంటుంది. ఆ లోటు పూడ్చడానికే డబ్బుని షాపు బయటికి తీసి విడిగా పెట్టేది.

ఇంక ఏటా ఎంత వెయ్యాలి? డబ్బు మీద వడ్డీ వస్తుంది కాబట్టి ఏటా లక్ష అక్కర్లేదు, కొంచెం తక్కువ వేస్తే చాలు. ఎంత తక్కువ అనేదానికే ఎగ్జామ్‌లో సింకింగ్ ఫండ్ టేబుల్ ఇస్తారు. 5 శాతం వడ్డీకి, నాలుగేళ్లకి, టేబుల్‌లో ఒక రూపాయికి 0.232012 అని ఉంటుంది. అంటే ప్రతి ఏడు చివర్లో ఇరవై మూడు పైసల చిల్లర వేస్తూ పోతే నాలుగో ఏడు చివరికి సరిగ్గా రూపాయి అవుతుంది అని. మనకి కావాల్సింది నాలుగు లక్షలు కాబట్టి 4,00,000 ని దాంతో గుణిస్తే 92,805. టేబుల్ చేతిలో లేకపోతే ఎక్సెల్‌లో ఇలా కొట్టండి:

```
=PMT(5%,4,0,-400000)
```

92,804.73 వస్తుంది, రూపాయికి రౌండ్ చేసుకోండి. నేను 5 శాతం ఎందుకు తీసుకున్నానంటే లెక్క తేలిగ్గా ఉంటుందని, ఇంకా ఇలాంటి ప్లాన్‌లో వడ్డీ రేటు కొంచెం తక్కువే అనుకోవడం మంచిది కాబట్టి. ఎక్కువ వస్తే నష్టం లేదు, ఎక్కువ వస్తుందనుకుని తక్కువ వేస్తేనే చివర్లో చిక్కు. ఇక్కడ ఇంకో చిన్న మాట, నాలుగు లక్షలకి లెక్క కట్టాం కానీ నాలుగున్నర లక్షలకి కాదు, ఎందుకంటే మిగతా యాభై వేలు పాత మెషిన్ అమ్మితే వస్తాయని. క్వశ్చన్ పేపర్‌లో స్క్రాప్ విలువ మూడో లైన్‌లో ఎక్కడో ఉంటుంది, అది చూడకుండా మొత్తం ఖరీదుకి టేబుల్ గుణించేసి ఆన్సర్ మొత్తం పోగొట్టుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

మొదటి ఏడాది, అంటే 2026 మార్చి 31న, రెండే ఎంట్రీలు:

డిప్రిసియేషన్ అకౌంట్ డెబిట్ 92,805
టు డిప్రిసియేషన్ ఫండ్ అకౌంట్ 92,805

డిప్రిసియేషన్ ఫండ్ ఇన్వెస్ట్‌మెంట్ అకౌంట్ డెబిట్ 92,805
టు బ్యాంక్ అకౌంట్ 92,805

డిప్రిసియేషన్ అకౌంట్‌ని మామూలుగానే లాభనష్టాల ఖాతాకి మూసేస్తారు. కొన్ని పుస్తకాల్లో డిప్రిసియేషన్ అనే మధ్య అకౌంట్ లేకుండా డైరెక్ట్‌గా పీ అండ్ ఎల్ డెబిట్ అని రాస్తారు, రెండూ కరెక్టే. గమనించాల్సింది ఏంటంటే మెషిన్ అకౌంట్‌ని ఎక్కడా ముట్టుకోలేదు. అది నాలుగేళ్లూ 4,50,000 దగ్గరే కదలకుండా ఉంటుంది. మిగతా పద్ధతుల్లో మెషిన్ విలువ ఏటా తగ్గుతూ వస్తుంది కదా, ఆ అలవాటులో ఇక్కడ కూడా మెషిన్‌ని క్రెడిట్ చేసేశారంటే ఒకే తరుగుదల రెండుసార్లు రాసినట్టు అవుతుంది. ఇక మొదటి ఏడాది వడ్డీ ఉండదు, ఎందుకంటే డబ్బు వేసిందే ఏడాది ఆఖరి రోజున.

డిపాజిట్ విషయంలో నా సలహా, ఈ 92,805 ని మూడేళ్లకి వెయ్యండి, 2029 మార్చి 31కి మెచ్యూర్ అయ్యేలా, వడ్డీ మాత్రం ఏడాదికోసారి సేవింగ్స్ లేదా కరెంట్ అకౌంట్‌కి పడేలా. వచ్చే ఏడు వేసేది రెండేళ్లకి, ఆ పై ఏడు వేసేది ఏడాదికి. అన్నీ ఒకే రోజు చేతికొస్తాయి. ఐదేళ్ల డిపాజిట్‌కి రేటు కాస్త ఎక్కువ ఇస్తున్నారని దానిలో వేసి మెషిన్ కొనే టైముకి విరగ్గొట్టడం అనవసరం.

రెండో ఏడాది, 2027 మార్చి 31. మీరు అడిగిన వడ్డీ సంగతి ఇక్కడ వస్తుంది. 92,805 మీద 5 శాతం, 4,640 రూపాయలు బ్యాంకులో పడతాయి.

బ్యాంక్ అకౌంట్ డెబిట్ 4,640
టు డిప్రిసియేషన్ ఫండ్ ఇన్వెస్ట్‌మెంట్ మీద వడ్డీ అకౌంట్ 4,640

డిప్రిసియేషన్ ఫండ్ ఇన్వెస్ట్‌మెంట్ మీద వడ్డీ అకౌంట్ డెబిట్ 4,640
టు డిప్రిసియేషన్ ఫండ్ అకౌంట్ 4,640

డిప్రిసియేషన్ అకౌంట్ డెబిట్ 92,805
టు డిప్రిసియేషన్ ఫండ్ అకౌంట్ 92,805

డిప్రిసియేషన్ ఫండ్ ఇన్వెస్ట్‌మెంట్ అకౌంట్ డెబిట్ 97,445
టు బ్యాంక్ అకౌంట్ 97,445

చూశారా, వడ్డీ లాభనష్టాల ఖాతాకి పోలేదు, నేరుగా ఫండ్‌కి పోయింది. కారణం సింపుల్: మనం ఏటా లక్ష బదులు 92,805 మాత్రమే తరుగుదల రాస్తున్నాం, అంటే ఏటా 7,195 తక్కువ. నాలుగేళ్లకి 28,780 తక్కువ. ఆ 28,780 ఎవరు పూడుస్తారు? వడ్డీయే. నాలుగేళ్లలో వచ్చే మొత్తం వడ్డీ కలిపి చూడండి, 4,640, 9,512, 14,628, కూడితే సరిగ్గా 28,780. ఆ వడ్డీని ముందే లెక్కలో వేసుకుని తరుగుదల తగ్గించుకున్నాం కాబట్టి మళ్లీ దాన్ని ఆదాయం అని లాభంలో కలిపితే ఒకే డబ్బుని రెండుసార్లు వాడుకున్నట్టు.

అందుకే నాలుగో ఎంట్రీలో 92,805 కాకుండా 97,445 ఇన్వెస్ట్ చేశాం. వడ్డీ కూడా మళ్లీ డిపాజిట్‌లోకి పోవాల్సిందే. ఈ పని ప్రాక్టికల్‌గా చాలా షాపుల్లో జరగదు, ఎందుకంటే వడ్డీ 4,640 మార్చి నెలలో కరెంట్ అకౌంట్‌లో పడి, అదే వారం పేపర్ సప్లయర్‌కి వెళ్లిపోతుంది, ఎవరికీ గుర్తుండదు. దీనికి భయపడితే క్యుములేటివ్ డిపాజిట్ వేసేయండి, వడ్డీ అందులోనే కలుస్తూ పోతుంది. అప్పుడు బ్యాంకుని దాటి ఎంట్రీ వస్తుంది: ఇన్వెస్ట్‌మెంట్ అకౌంట్ డెబిట్, వడ్డీ అకౌంట్ క్రెడిట్, ఆ వడ్డీ మళ్లీ ఫండ్‌కి. డబ్బు చేతికి రాలేదు కదా రాయక్కర్లేదు అనుకోకండి, మార్చి 31 వరకు వచ్చిన వడ్డీ రాయాల్సిందే. ఇంకా అలాంటి డిపాజిట్లలో మన బ్యాంకులు మూడు నెలలకోసారి వడ్డీ అసలుకి కలుపుతాయి కాబట్టి 5 శాతం అంటే ఏడాదికి 5 కంటే పిసరంత ఎక్కువే అవుతుంది, టేబుల్ లెక్కతో రూపాయికి రూపాయి కలవకపోతే కంగారు పడొద్దు.

ఇప్పుడు రెండో ఏడాది చివర బ్యాలెన్స్ షీట్‌లో ఒకవైపు డిప్రిసియేషన్ ఫండ్ 1,90,250, ఇంకోవైపు ఇన్వెస్ట్‌మెంట్ 1,90,250. మెషిన్ 4,50,000. ఫండ్, ఇన్వెస్ట్‌మెంట్ రెండూ సమానంగా ఉన్నాయా లేదా అన్నదే మీ చెకింగ్. లేకపోతే ఏది తక్కువ ఉందో చూడండి, తప్పు ఎక్కడుందో అదే చెప్పేస్తుంది. ఫండ్ 1,85,610 ఉండి ఇన్వెస్ట్‌మెంట్ 1,90,250 ఉందనుకోండి, వడ్డీ 4,640 పొరపాటున పీ అండ్ ఎల్‌కి పోయిందన్నమాట, పుస్తకాల్లో దిద్దుకుంటే సరిపోతుంది. అదే తిరగబడి ఫండ్ 1,90,250, ఇన్వెస్ట్‌మెంట్ 1,85,610 ఉంటే వడ్డీ రాశారు కానీ తిరిగి డిపాజిట్ చెయ్యలేదు. ఇది ఎంట్రీతో పోయే తప్పు కాదు, బ్యాంకుకి వెళ్లి డబ్బు వెయ్యాల్సిందే. తేడా సరిగ్గా వడ్డీ మొత్తమే అయితే ఈ రెంటిలో ఏదో ఒకటి, తేడా 92,805 అయితే ఏకంగా ఒక ఏడాది కిస్తీయే ఎక్కడో ఆగిపోయింది.

ట్యాలీలో చేస్తుంటే ఈ డిపాజిట్ లెడ్జర్‌ని `Bank Accounts` కింద పెట్టకండి, `Investments` కింద విడిగా తెరవండి. బ్యాంకు గ్రూపులో పెడితే బాబాయి రిపోర్ట్ తీసిన ప్రతిసారీ బ్యాంకులో రెండు లక్షలు ఉన్నట్టు కనబడుతుంది, అవసరానికి చెయ్యి అటే పోతుంది. ఫండ్ లెడ్జర్‌ని కూడా ఆయన క్యాపిటల్ అకౌంట్‌తో కలపకండి. తరుగుదల, వడ్డీని ఫండ్‌కి మార్చడం రెండూ జర్నల్ వోచర్లు, వడ్డీ బ్యాంకులో పడ్డం రిసీట్, డిపాజిట్ వెయ్యడం పేమెంట్.

మూడో ఏడాది కొత్త విషయం ఏమీ లేదు, అంకెలే మారతాయి. 1,90,250 మీద వడ్డీ 9,512, దానికి 92,805 కలిపి 1,02,317 డిపాజిట్. 2028 మార్చి 31కి రెండు అకౌంట్లూ 2,92,567 దగ్గర ఆగుతాయి.

నాలుగో ఏడాది, 2029 మార్చి 31. వడ్డీ 14,628 వచ్చింది, ఫండ్‌కి మార్చాం. తరుగుదల 92,805 కూడా ఎప్పటిలాగే ఫండ్‌కి రాశాం. ఫండ్ సరిగ్గా 4,00,000 అయింది. కానీ డిపాజిట్ వెయ్యం. ఎందుకు వెయ్యాలి చెప్పండి? అదే రోజు మెషిన్ కొనాలి, పొద్దున వేసి సాయంత్రం తీయడంలో అర్థం లేదు, ఒక్క రోజు వడ్డీ కూడా రాదు. క్లాసులో దీన్ని ఒక రూల్‌లాగా చెప్పేస్తారు కాబట్టి గుర్తుండదు. ఆఖరి కిస్తీ, ఆఖరి వడ్డీ రెండూ కలిపి 1,07,433 బ్యాంకు అకౌంట్‌లోనే ఉంటాయి, డిపాజిట్లలో 2,92,567 ఉంటాయి, రెండూ కలిపితే నాలుగు లక్షలు. మొదటి మూడేళ్లూ ఫండ్, ఇన్వెస్ట్‌మెంట్ సమానంగా ఉండి ఈ ఒక్క ఏడాది మాత్రం ఎందుకు తేడా వస్తుందో ఇప్పుడు తెలిసింది కదా, ఆ తేడా బ్యాంకులో ఉంది.

తర్వాత డిపాజిట్లు తీస్తాం. అన్నీ సాఫీగా జరిగితే 2,92,567 కి 2,92,567 వస్తుంది. కానీ కొంచెం నిజ జీవితంలా చూద్దాం, కొత్త మెషిన్ డీలర్ ఆఫర్ మార్చి మూడో వారంలోనే అయిపోతుందన్నాడని ఒక డిపాజిట్ ముందే విరగ్గొట్టారు, బ్యాంకు ముందు ఇచ్చిన వడ్డీలో తేడా పట్టుకుని 1,500 తక్కువ ఇచ్చింది అనుకుందాం. ఆ నష్టం పీ అండ్ ఎల్‌కి కాదు, ఫండ్‌కే పోతుంది:

బ్యాంక్ అకౌంట్ డెబిట్ 2,91,067
డిప్రిసియేషన్ ఫండ్ అకౌంట్ డెబిట్ 1,500
టు డిప్రిసియేషన్ ఫండ్ ఇన్వెస్ట్‌మెంట్ అకౌంట్ 2,92,567

ఎగ్జామ్ లెక్కల్లో ఎక్కువగా గవర్నమెంట్ సెక్యూరిటీస్ అమ్మారని ఇస్తారు, వాటి ధర మారుతూ ఉంటుంది కాబట్టి లాభం కూడా రావచ్చు, లాభం వస్తే ఫండ్‌కి క్రెడిట్ చెయ్యాలి. సూత్రం ఒకటే, ఇన్వెస్ట్‌మెంట్ మీద వచ్చింది మంచైనా చెడైనా ఫండ్‌కే.

ఇప్పుడు ఫండ్‌లో 3,98,500 మిగిలింది. దీన్ని ఏం చెయ్యాలి అన్నది మీ మూడో ప్రశ్న. దీన్ని మెషిన్ అకౌంట్‌కి కొట్టెయ్యాలి:

డిప్రిసియేషన్ ఫండ్ అకౌంట్ డెబిట్ 3,98,500
టు మెషిన్ అకౌంట్ 3,98,500

నాలుగేళ్లుగా మెషిన్ 4,50,000 దగ్గరే నిలబడి ఉంది కదా, దాని తరుగుదల అంతా విడిగా ఫండ్‌లో పోగవుతూ వచ్చింది, ఇప్పుడు రెండింటినీ ఒకచోట కలిపాం అంతే. ఇక్కడ చాలామంది ఫండ్‌ని జనరల్ రిజర్వ్‌కి ట్రాన్స్‌ఫర్ అని రాస్తారు. అది డిబెంచర్లు తీర్చడానికి పెట్టే సింకింగ్ ఫండ్‌లో వస్తుంది, రెండు చాప్టర్లు కలిసిపోతాయి. అక్కడ ఫండ్‌కి పెట్టేది లాభం పంపకంలోంచి, అప్పు తీరిపోయాక అది స్వేచ్ఛగా ఉన్న లాభం, అందుకే రిజర్వ్‌కి పోతుంది. ఇక్కడ ఫండ్‌లో ఉన్నది తరుగుదల, అంటే జరిగిపోయిన ఖర్చు. మెషిన్ అరిగిపోయింది, ఆ అరుగుదలని రిజర్వ్ అని చూపిస్తే లేని లాభం ఉన్నట్టు చూపించినట్టే, పైగా అరిగిపోయిన మెషిన్ పూర్తి ఖరీదుతో పుస్తకాల్లో ఉండిపోతుంది.

పాత మెషిన్ యాభై వేలకి పోతుందనుకున్నాం, సెకండ్ హ్యాండ్ వాడు కౌంటర్ రీడింగ్ చూసి 42,000 మాత్రమే ఇచ్చాడు అనుకుందాం.

బ్యాంక్ అకౌంట్ డెబిట్ 42,000
టు మెషిన్ అకౌంట్ 42,000

మెషిన్ అకౌంట్‌లో ఇంకా 9,500 మిగిలి ఉంటుంది. డిపాజిట్ మీద పోయిన 1,500, స్క్రాప్‌లో తగ్గిన 8,000, రెండూ కలిపి అంతే.

లాభనష్టాల ఖాతా డెబిట్ 9,500
టు మెషిన్ అకౌంట్ 9,500

దీంతో ఫండ్, ఇన్వెస్ట్‌మెంట్, పాత మెషిన్ మూడూ సున్నా. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మిగిలినా ఎక్కడో ఎంట్రీ తప్పిందని అర్థం. డబ్బు వైపు కూడా చూడండి: డిపాజిట్ల నుంచి 2,91,067, ఆఖరి వడ్డీ 14,628, ఆఖరి కిస్తీ 92,805, స్క్రాప్ 42,000, మొత్తం 4,40,500. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఈ ఆఖరి కిస్తీ 92,805 ఎక్కడి నుంచో రాదు, ఆ రోజు షాపు కరెంట్ అకౌంట్‌లో నిజంగా ఉండాలి. పుస్తకంలో ఎంట్రీ ఉన్నంత మాత్రాన బ్యాంకులో డబ్బు ఉండదు. నాలుగో ఏడాది ఫిబ్రవరి, మార్చిలో వచ్చిన డబ్బు వచ్చినట్టు ఖర్చు పెడితే డిపాజిట్లన్నీ సక్రమంగా ఉన్నా కూడా దాదాపు లక్ష లోటు తగులుతుంది.

ఇక్కడి దాకా క్లాసులో అడిగేది. మీ బాబాయి గారికి నిజంగా పనికొచ్చేది, పుస్తకాలు పెద్దగా పట్టించుకోనిది ఇప్పుడు చెప్తా. 4,40,500 చేతిలో పట్టుకుని వెళ్తే అదే రకం కొత్త మెషిన్ 5,20,000 అన్నాడనుకోండి, 79,500 లోటు. లెక్కలో తప్పేం లేదు. తరుగుదల మనం పాత ఖరీదు మీద కట్టాం, అది పాత ఖరీదునే తిరిగి ఇస్తుంది, పెరిగిన ధర దానికి తెలీదు. మరి మొదటి నుంచే 5,20,000 టార్గెట్ పెట్టుకుని ఎక్కువ తరుగుదల రాసేస్తే? అలా చెయ్యకూడదు. మెషిన్‌కి మనం పెట్టింది నాలుగున్నర లక్షలే, అంతకి మించి ఖర్చు రాయడానికి వీల్లేదు.

దారి ఏంటంటే రెండో ఫండ్. ధర 70,000 పెరుగుతుందని అంచనా వేస్తే, దాన్ని కూడా అదే టేబుల్‌తో గుణించండి, 0.232012 తో 70,000 అంటే ఏటా 16,241. తరుగుదల 92,805 రాసి లాభం తేల్చాక, ఆ తేలిన లాభంలోంచి 16,241 ని రీప్లేస్‌మెంట్ రిజర్వ్ అని ఒక అకౌంట్‌కి మార్చండి, అంత డబ్బే విడిగా డిపాజిట్ వెయ్యండి, దాని వడ్డీ ఆ రిజర్వ్‌కే కలపండి. ఇది ఖర్చు కాదు, బాబాయి తన లాభంలోంచి వాడుకోకుండా ఆపుకున్న భాగం. అందుకే నాలుగేళ్ల తర్వాత ఈ రిజర్వ్‌ని మెషిన్ అకౌంట్‌కి కొట్టెయ్యకూడదు, ఆయన క్యాపిటల్‌కి పోతుంది. ఒకే బ్యాంకులో రెండు డిపాజిట్లు వేసినా లెడ్జర్లు మాత్రం రెండు ఉండాలి. ధర ఎంత పెరుగుతుందో అంచనా వెయ్యడం కష్టమే, కానీ ఏడాదికోసారి డీలర్‌ని ఫోన్లో కనుక్కుంటే తెలిసిపోతుంది, దాన్ని బట్టి మిగిలిన ఏళ్ల కిస్తీ మార్చుకోవచ్చు.

పన్ను సంగతి కూడా చూసుకోవాలి. వడ్డీని మనం ఫండ్‌కి క్రెడిట్ చేశాం, లాభనష్టాల ఖాతాలో కనబడదు, కానీ ఇన్‌కం ట్యాక్స్ వాళ్లకి అది ఆదాయమే, రిటర్న్‌లో చూపించాలి. షాపు ఆయన సొంత పేరు మీదే ఉంటే ఆ పన్ను ఆయన సొంత పన్ను. అది ఫండ్ వడ్డీలోంచే కట్టేశారనుకోండి, ఉదాహరణకి 20 శాతం స్లాబ్ అయితే 5 శాతం వడ్డీ చేతికి 4 శాతమే అవుతుంది, అప్పుడు అదే 92,805 వేసినా నాలుగేళ్లకి 3,94,093 దగ్గరే ఆగిపోతుంది, దాదాపు 5,900 తక్కువ. కాబట్టి పన్ను బయట జేబులోంచి కట్టాలి, లేదా మొదట్లోనే 4 శాతానికి లెక్క కట్టుకోవాలి. బ్యాంకు టీడీఎస్ కట్ చేస్తే చేతికొచ్చిన వడ్డీ మాత్రమే రాయకండి, పూర్తి వడ్డీ రాసి, కట్ అయింది ఆయన డ్రాయింగ్స్‌కి డెబిట్ చెయ్యండి, కట్ అయినంత డబ్బు ఆయన మళ్లీ షాపులో వేస్తేనే డిపాజిట్ లెక్క ప్రకారం నడుస్తుంది.

ఇంకా, ట్యాక్స్ రిటర్న్‌లో ఈ 92,805 తరుగుదలగా చెల్లదు. అక్కడ మెషినరీకి సాధారణంగా 15 శాతం చొప్పున తగ్గే విలువ మీద కట్టాలి, మొదటి ఏడాది నాలుగున్నర లక్షల మీద 67,500, రెండో ఏడాది మిగిలిన 3,82,500 మీద, అలా. కాబట్టి షాపు లెక్కల్లో లాభం ఒకటి, ట్యాక్స్ లెక్కలో లాభం ఇంకోటి వస్తుంది, రెండూ కలవాలని ఫండ్ ఎంట్రీలు మార్చకండి. కంపెనీల పుస్తకాల్లో కూడా ఈ పద్ధతి ఇప్పుడు కనబడదు, స్ట్రెయిట్ లైన్, తగ్గే విలువ పద్ధతి, ఉత్పత్తి యూనిట్ల పద్ధతి ఇవే నడుస్తాయి. మీ బాబాయి లాంటి సొంత షాపు వాళ్లు మాత్రం తమ కోసం తాము ఇలా రాసుకోవచ్చు, నా ఉద్దేశంలో అప్పు లేకుండా మెషిన్ మార్చాలనుకునే చిన్న షాపుకి ఇది చాలా బాగా పనిచేస్తుంది, డిపాజిట్ నిజంగా వేస్తేనే సుమా.

ఆఖరుగా ఒక ప్రాక్టికల్ మాట. మార్చి 31న ఒకేసారి 92,805 తియ్యడం జిరాక్స్ షాపుకి కష్టం. జూన్‌లో అడ్మిషన్లు, ఎగ్జామ్స్ ముందు ప్రాజెక్ట్ రిపోర్టులు, థీసిస్‌లు, ఈ టైముల్లోనే గల్లా నిండుతుంది. కాబట్టి నెలకి 7,800 చొప్పున ఒక రికరింగ్ డిపాజిట్ వేసి, అది మార్చిలో మెచ్యూర్ అయ్యాక అక్కణ్నుంచి పెద్ద డిపాజిట్‌కి మార్చండి. ఈ రికరింగ్ డిపాజిట్‌ని ఏడాది మధ్యలో ఫండ్ ఇన్వెస్ట్‌మెంట్ అకౌంట్‌లో కలపకండి, విడిగా ఒక లెడ్జర్ పెట్టుకోండి, దాని మీద వచ్చే వడ్డీ టేబుల్ లెక్కలో లేదు కాబట్టి అది మామూలు ఆదాయంగా పీ అండ్ ఎల్‌కి పోవచ్చు. మార్చి 31న అందులోంచి సరిగ్గా 92,805 మాత్రమే ఇన్వెస్ట్‌మెంట్‌కి డెబిట్ చెయ్యండి.